వీపీఎన్ పెట్టగానే డౌన్‌లోడ్ ఎందుకు నెమ్మదిస్తుంది? ఏ సర్వర్, ఏ ప్రోటోకాల్ ఎంచుకుంటే మేలు?



పాఠం వీడియో డౌన్‌లోడ్‌కు పెట్టారు. ఇంట్లో ఉన్నది మంచి ఫైబర్ కనెక్షనే. అయినా గీత కదలడం లేదు. పక్క గదిలో టీవీ మాత్రం ఆగకుండా నడుస్తోంది. ఇలాంటప్పుడు నెట్ ఆపరేటర్‌కు ఫోన్ చేసే ముందు ఒక్కసారి మీ ఫోన్ స్క్రీన్ పైభాగం చూడండి. అక్కడ చిన్న తాళంచెవి గుర్తో, VPN అన్న అక్షరాలో కనిపిస్తే, ఆలస్యానికి కారణం చాలావరకు అక్కడే ఉంటుంది.

ఇప్పుడు చాలా ఇళ్లలో వీపీఎన్ ఉంటోంది. ఇంటి నుంచి పని చేసే తల్లి లేదా తండ్రి ల్యాప్‌టాప్‌లో ఆఫీసు వాళ్లు పెట్టింది ఒకటి. బస్టాండ్ వైఫై వాడేటప్పుడు భద్రత కోసం ఫోన్‌లో వేసుకున్నది ఇంకొకటి. పిల్లలు ఏదో గేమ్ కోసం దించుకుని, తీసేయడం మరిచిపోయిన ఉచిత యాప్ మరొకటి. వీటిలో ఏది ఆన్‌లో ఉన్నా వేగం కొంత తగ్గడం సహజం. అయితే ఆ తగ్గుదల పదో వంతు ఉండొచ్చు, పదింతలూ ఉండొచ్చు. ఆ తేడా ఎక్కువగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది: సర్వర్ ఎక్కడుంది, ప్రోటోకాల్ ఏది. ఈ నెల ఆ రెండింటినీ చూద్దాం.

చుట్టు దారి

వీపీఎన్ లేనప్పుడు మీ ఫోన్ అడిగిన ఫైలు నేరుగా మీ ఇంటికి వస్తుంది. వీపీఎన్ ఉన్నప్పుడు మీ ఫోన్ నుంచి వెళ్లే ప్రతిదీ ముందు వీపీఎన్ కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. ఆ సర్వర్ మీ తరఫున ఫైలును తెప్పించుకుని, తాళం వేసి మీకు పంపుతుంది. శాంతినగర్ నుంచి అలంపూర్ వెళ్లాల్సిన మనిషి ముందు హైదరాబాద్ వెళ్లి, అక్కడ సంతకం పెట్టి, మళ్లీ అలంపూర్ వచ్చినట్టు ఉంటుంది ఆ ప్రయాణం.

ఆ చుట్టు ఎంత పెద్దదో లెక్క వేయడం తేలికే. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఒక మిల్లీసెకన్‌లో 200 కిలోమీటర్లు. వెళ్లి తిరిగి రావాలి కాబట్టి, ప్రతి 100 కిలోమీటర్ల దూరానికి కనీసం ఒక మిల్లీసెకన్ ఖర్చవుతుందని గుర్తు పెట్టుకోండి. వడ్డేపల్లి నుంచి హైదరాబాద్‌కు ఇది రెండు మిల్లీసెకన్ల మాట. సింగపూర్‌కు 33 దాటుతుంది. తీగలు సూటిగా పోవు, మధ్యలో ఎన్నో రౌటర్లు ఉంటాయి కాబట్టి నిజంగా కొలిస్తే 50 నుంచి 80 మధ్య రావడం మామూలే. అమెరికాకు 200 పైనే.

'మిల్లీసెకన్లే కదా, డౌన్‌లోడ్‌కు ఏం నష్టం?' అన్న అనుమానం రావచ్చు. నష్టం ఎక్కడంటే, ఫైలు ఒకేసారి వచ్చి పడదు. పత్తి బోరాలు లారీలో పంపే వ్యాపారిని ఊహించుకోండి. ఒక లారీ సరుకు పంపి, అది ముట్టిందని రసీదు వచ్చాకే ఇంకో లారీ వదులుతాడు. కొనేవాడు కర్నూలులో ఉంటే రోజుకు నాలుగు లారీలు పోతాయి. ముంబైలో ఉంటే నాలుగు రోజులకు ఒకటి పోతుంది. లారీ అదే, రోడ్డూ బాగానే ఉంది. రసీదు కోసం ఎదురుచూపే పెరిగింది.

డౌన్‌లోడ్‌లోనూ ఇదే జరుగుతుంది. ఒక విడతకు 64 కేబీ పంపి రసీదు కోసం ఆగే ఏర్పాటు ఉందనుకుందాం. రానూపోనూ 20 మిల్లీసెకన్లు పడితే సెకనుకు సుమారు 26 మెగాబిట్లు వస్తాయి. 60 పడితే 9 లోపే. 200 పడితే రెండున్నరకు కాస్త పైన. మీరు 40 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా, 100 తీసుకున్నా ఈ లెక్క మారదు. ఇప్పటి ఫోన్లు, సర్వర్లు విడత పరిమాణాన్ని మెల్లగా పెంచుకుంటూ పోతాయి కాబట్టి పరిస్థితి ఇంత ఘోరంగా ఉండదు. కానీ దారిలో ఒక్క ప్యాకెట్ పోయినా విడత పరిమాణం మళ్లీ తగ్గుతుంది. తిరిగి పెరగడానికి ఎన్నో రసీదులు కావాలి. దూరం ఎక్కువైన కొద్దీ ఆ కోలుకోవడమూ ఆలస్యమవుతుంది.

ఇంకో చిన్న నష్టం కూడా ఉంది. ఎక్కువమంది చూసే వీడియోల నకళ్లను పెద్ద కంపెనీలు మన నెట్ ఆపరేటర్ల దగ్గరే, మన దేశంలోని నగరాల్లోనే దాచి ఉంచుతాయి. వీపీఎన్ పెట్టగానే మీరు సింగపూర్‌లోనో లండన్‌లోనో ఉన్నట్టు వాళ్లకు కనిపిస్తారు. ఇంటి పక్కనున్న నకలు వదిలి అక్కడి నకలు ఇస్తారు. ఇక ఫైలు మన దేశంలోని సర్వర్‌లో మాత్రమే ఉంటే, అది ముందు సముద్రం దాటి వీపీఎన్ సర్వర్‌కు వెళ్లి, మళ్లీ సముద్రం దాటి మీ ఇంటికి రావాలి.

'ఇండియా' అని రాసి ఉన్నా ఇండియాలో ఉండకపోవచ్చు

'దగ్గరి సర్వర్ ఎంచుకోండి' అన్న సలహా అందరూ చెప్పేదే. అందుకే చాలామంది జాబితాలో India అన్నది చూసి నొక్కేస్తారు. ఇక్కడే ఒక మెలిక ఉంది.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ కొన్ని ఆదేశాలు ఇచ్చింది. వాటి ప్రకారం వీపీఎన్ కంపెనీలు తమ ఖాతాదారుల పేరు, చిరునామా, వారికి కేటాయించిన ఐపీ అడ్రసు వంటి వివరాలను కనీసం 5 ఏళ్లు దాచి ఉంచాలి. ఇది వీపీఎన్ వాడకం మీద నిషేధం కాదు. ఆఫీసులు తమ ఉద్యోగుల కోసం నడిపే వీపీఎన్‌లకు ఈ నిబంధన వర్తించదని కూడా తర్వాత వివరణ ఇచ్చారు. అయితే వివరాలు దాచబోమని ఖాతాదారులకు మాట ఇచ్చిన ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ వంటి కంపెనీలు ఆ ఏడాది జూన్‌లో మన దేశంలోని తమ సర్వర్లను తీసేస్తున్నట్టు ప్రకటించాయి.

తీసేసినా జాబితాలో India అన్న పేరు పూర్తిగా పోలేదు. 'వర్చువల్ సర్వర్' అన్న పద్ధతి వచ్చింది. సర్వర్ యంత్రం సింగపూర్‌లోనో లండన్‌లోనో ఉంటుంది, దానికి ఇచ్చే ఐపీ అడ్రసు మాత్రం భారత్‌ది. బయటి వెబ్‌సైట్లకు మీరు ఇండియాలో ఉన్నట్టే కనిపిస్తారు. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ అయితే India (via Singapore), India (via UK) అని రెండు పేర్లు పెట్టి విడివిడిగా చూపించింది. అన్ని యాప్‌లూ అంత స్పష్టంగా చెప్పవు. వడ్డేపల్లిలో కూర్చుని 'ఇండియా' నొక్కిన మనిషి డౌన్‌లోడ్ లండన్ చుట్టి రావడం అలా జరుగుతుంది.

దీన్ని మీరే పట్టుకోవచ్చు. కంప్యూటర్ ఉంటే వీపీఎన్ ఆపి, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది టైప్ చేయండి:

```
ping -n 10 1.1.1.1
```

చివర్లో Average అని ఒక అంకె వస్తుంది. రాసిపెట్టుకోండి. తర్వాత వీపీఎన్ ఆన్ చేసి మళ్లీ అదే కొట్టండి. ఈ 1.1.1.1 అన్న అడ్రసు ప్రపంచంలోని ఎన్నో నగరాల నుంచి జవాబిస్తుంది. వీపీఎన్ సర్వర్ ఏ ఊళ్లో ఉంటే సాధారణంగా ఆ చుట్టుపక్కల నుంచే జవాబు వస్తుంది. అందుకని రెండు అంకెల తేడా మీ ఇంటికి, ఆ సర్వర్‌కు మధ్య దూరాన్ని దాదాపుగా చెప్పేస్తుంది. తేడా ఐదు పదులు పెరిగితే అది మన దేశంలోని సర్వర్ కాకపోవచ్చు, సింగపూర్ కావచ్చు. నూట ఇరవై దాటితే ఐరోపాకు వెళ్తోందని అనుమానించండి. ఫోన్‌లో అయితే స్పీడ్ టెస్ట్ యాప్ చూపించే Ping అంకెను వీపీఎన్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి చూస్తే చాలు.

మ్యాప్‌లో దగ్గరున్న ప్రతి దేశమూ నెట్‌లో దగ్గర కాదన్నది కూడా గమనించండి. సమాచారం తీగల వెంట పోతుంది. మన వైపు నుంచి తూర్పుకు వెళ్లేవి ఎక్కువగా చెన్నై తీరం నుంచి, పడమరకు వెళ్లేవి ముంబై తీరం నుంచి సముద్రంలోకి దిగుతాయి. పక్క దేశపు సర్వర్ ఎంచుకున్నా దారి సింగపూర్ మీదుగా పోవచ్చు. పేరును కాదు, అంకెను నమ్మండి. అంకెలు దాదాపు సమానంగా ఉన్న రెండు సర్వర్లు కనిపిస్తే, రద్దీ తక్కువున్నది తీసుకోండి. కొన్ని యాప్‌లు రద్దీని శాతంలో చూపిస్తాయి. చూపించకపోతే అదే నగరంలోని ఇంకో నంబరు సర్వర్‌కు మారి చూడండి. రాత్రి 8 నుంచి 11 మధ్య ఈ మార్పు బాగా తెలుస్తుంది.

ప్రోటోకాల్ అంటే మూట కట్టే పద్ధతి

మీ ఫోన్, వీపీఎన్ సర్వర్ తమ మధ్య సమాచారాన్ని ఎలా మూట కట్టాలి, ఎలా తాళం వేయాలి అని చేసుకున్న ఒప్పందమే ప్రోటోకాల్. యాప్ సెట్టింగ్స్‌లో Protocol అన్న చోట WireGuard, IKEv2, OpenVPN UDP, OpenVPN TCP అన్న పేర్లు కనిపిస్తాయి. కొన్ని కంపెనీలు సొంత పేర్లు పెట్టుకుంటాయి. ఉదాహరణకు నార్డ్‌వీపీఎన్‌లోని NordLynx వైర్‌గార్డ్ మీద కట్టినదే.

మూట కట్టడం వల్ల బరువు కొంచెం పెరుగుతుంది. వైర్‌గార్డ్ ఒక్కో ప్యాకెట్‌కు 60 నుంచి 80 బైట్లు కలుపుతుంది. మామూలు ప్యాకెట్ 1500 బైట్లు ఉంటుంది కాబట్టి ఇది నాలుగైదు శాతం. అంతే. మీ వేగం సగానికి పడిపోతే ఆ పాపం మూట బరువుది కాదు.

పెద్ద తేడా తెచ్చేది OpenVPN TCP. ఇందాక చెప్పిన రసీదుల పద్ధతి పేరే టీసీపీ. మీ డౌన్‌లోడ్ అప్పటికే టీసీపీలో నడుస్తోంది, పోయిన ప్యాకెట్‌ను అదే మళ్లీ అడుగుతుంది. వీపీఎన్ కూడా టీసీపీలోనే ఉంటే లోపల ఒక రసీదు పుస్తకం, బయట ఇంకో రసీదు పుస్తకం అవుతుంది. దారిలో ఒక ప్యాకెట్ పోతే బయటి పుస్తకం దాన్ని మళ్లీ తెప్పించేదాకా వెనకున్నవన్నీ ఆపేస్తుంది. ఆ ఆలస్యం చూసి లోపలి పుస్తకం కూడా 'పోయిందేమో' అనుకుని మళ్లీ అడుగుతుంది. ఒకే సరుకుకు రెండు ఆర్డర్లు. సిగ్నల్ అటూ ఇటూ అయ్యే మొబైల్ డేటా మీద ఈ తలనొప్పి మరీ ఎక్కువ. యూడీపీలో నడిచే వైర్‌గార్డ్, IKEv2, OpenVPN UDP బయట రసీదు అడగవు. ఆ పని లోపలి డౌన్‌లోడ్‌కే వదిలేస్తాయి.

అందుకని ముందు వైర్‌గార్డ్ ప్రయత్నించండి. అది చిన్న ప్రోగ్రాం, 2020లో లైనక్స్ 5.6 కెర్నల్‌లో భాగమైంది. దాని తాళం పద్ధతి మామూలు ప్రాసెసర్ మీద కూడా చురుకుగా నడిచేలా ఉంటుంది కాబట్టి పాత ఫోన్లకు నయం. ఇంటి వైఫై నుంచి మొబైల్ డేటాకు తరచూ మారేవారికి IKEv2 కూడా బాగుంటుంది, తెగకుండా కొనసాగుతుంది. ఈ రెండూ లేకపోతే OpenVPN UDP. టీసీపీ చివరి మార్గం. కొన్ని హోటళ్లు, ఆఫీసుల వైఫైలో యూడీపీని అడ్డుకుంటారు, అక్కడ అది ఒక్కటే పని చేయవచ్చు.

ఒక జాగ్రత్త. Automatic అని వదిలేస్తే, యాప్ ఒకసారి యూడీపీ కుదరక టీసీపీకి మారి అక్కడే ఉండిపోవచ్చు. ఇంటికి వచ్చాక సెట్టింగ్స్ తెరిచి ఏది నడుస్తోందో చూడండి.

ఒక ఇంటి లెక్క

శాంతినగర్‌లో 40 ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్న ఇంటిని ఊహించుకుందాం. దించాల్సిన పాఠం వీడియో 450 ఎంబీ. ఒక బైట్‌కు 8 బిట్లు కాబట్టి ఇది 3600 మెగాబిట్లు. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి, మీ ఇంట్లో వేరేగా వస్తాయి. కానీ వరస ఇలాగే ఉంటుంది.

వీపీఎన్ ఆపి చూస్తే పింగ్ 20, వేగం 40. వీడియో 90 సెకన్లలో దిగుతుంది. ఇదే మన కొలబద్ద. ఇది తెలియకుండా వీపీఎన్‌ను తిట్టి లాభం లేదు, అసలు కనెక్షనే నెమ్మదిగా ఉండొచ్చు.

వీపీఎన్ ఆన్ చేశారు. యాప్ పాత అలవాటు ప్రకారం అమెరికా సర్వర్, OpenVPN TCP పట్టుకుంది. పింగ్ 260, వేగం 4. అదే వీడియోకు 15 నిమిషాలు.

ఇప్పుడు సర్వర్ ఒక్కటే మార్చి సింగపూర్ పెట్టారు. పింగ్ 75కు దిగింది, వేగం 14కు ఎక్కింది. సమయం నాలుగు నిమిషాల పైచిలుకు. తర్వాత సర్వర్ అలాగే ఉంచి ప్రోటోకాల్‌ను వైర్‌గార్డ్‌కు మార్చారు. పింగ్ దాదాపు అంతే ఉంది, ఎందుకంటే దూరం మారలేదు. కానీ రెండో రసీదు పుస్తకం పోయింది. వేగం 30, సమయం రెండు నిమిషాలు.

ఒకసారికి ఒక్కటే మార్చారన్నది గమనించండి. రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కో మార్పు తర్వాత రెండు మూడు సార్లు కొలవండి, అదీ ఒకే సమయంలో. మధ్యాహ్నం అంకెను రాత్రి అంకెతో పోల్చకండి.

ఇంకా కదలకపోతే

చిన్న పేజీలు, మెసేజ్‌లు టక్కున తెరుచుకుని, పెద్ద ఫైలు మాత్రం మొదలై ఆగిపోతుంటే అది వేగం సమస్య కాదు. మూట కట్టాక ప్యాకెట్ సైజు దారిలోని ఏదో ఒక చోట పట్టడం లేదన్నమాట. యాప్‌లో MTU అన్న సెట్టింగ్ ఉంటే 1280కు తగ్గించండి. వైర్‌గార్డ్ ఫైలు మీరే రాసుకున్నదైతే ఇలా:

```
[Interface]
MTU = 1280
```

అదే ఇంట్లో, అదే సర్వర్‌తో ల్యాప్‌టాప్‌లో వేగం బాగా వచ్చి, పాత ఫోన్‌లో రాక ఫోన్ వేడెక్కుతుంటే, తాళాలు వేయడం తీయడం ఆ ఫోన్‌కు భారమవుతోందని అర్థం. దానికి సర్వర్ మార్చి ఉపయోగం లేదు, ప్రోటోకాల్ మార్పు కొంత ఆదుకుంటుంది.

ఉచిత యాప్‌ల సంగతి వేరు. కొద్ది సర్వర్ల మీద ఎక్కువమంది ఉంటారు, కొన్నింటిలో వేగానికి కంపెనీయే హద్దు పెడుతుంది. అంతకన్నా ముఖ్యమైన విషయం ఉంది. ఉచితంగా వాడేవారి నెట్‌ను ఇతరుల రాకపోకలకు దారిగా వాడుకుంటోందన్న సంగతి హోలా అనే సర్వీసు విషయంలో 2015లో పెద్ద చర్చ అయింది. పిల్లల ఫోన్‌లో అలాంటిది ఉంటే నెమ్మదించేది మీ నెట్ మాత్రమే కాదు, మీ కనెక్షన్ మీదుగా ఎవరు ఏం చేస్తున్నారో మీకు తెలియదు. ఫోన్ సెట్టింగ్స్‌లో VPN అన్న చోట నొక్కితే ఏయే యాప్‌లు ఉన్నాయో కనిపిస్తాయి. పిల్లలతో కలిసి ఒకసారి చూడండి. ఎందుకు దించుకున్నారో అడిగి, అవసరం లేనిదాన్ని తీసేయించండి.

అసలు ఆ వీడియోకు వీపీఎన్ కావాలా అన్నది చివరి ప్రశ్న. చాలా యాప్‌లలో Split tunneling అన్న సదుపాయం ఉంటుంది. అందులో పాఠాల యాప్‌ను ఎంచుకుంటే అది ఒక్కటి నేరుగా నడుస్తుంది, మిగతావి వీపీఎన్‌లోనే ఉంటాయి. మన లెక్కలోని ఇంటికి ఇలా చేస్తే మళ్లీ 90 సెకన్లే. ఇంటి సొంత వైఫై మీద, https పేజీ నుంచి దిగే ఫైలుకు ఇది సరిపోతుంది. బయటి వైఫై మీద ఉన్నప్పుడు మాత్రం వీపీఎన్‌లోనే ఉండనివ్వండి, రెండు నిమిషాలు పట్టినా ఫర్వాలేదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఈ సెట్టింగ్‌లు మీరుగా మార్చకండి. పిల్లల పాఠాలను వేరే ఫోన్‌లో దించడమే తేలిక. ఆఫీసు ఫైళ్లే నెమ్మదిగా వస్తుంటే మీ పింగ్ అంకె, సమయం, వాడుతున్న ప్రోటోకాల్ పేరు రాసి మీ ఐటీ విభాగానికి పంపండి. 'నెట్ స్లోగా ఉంది' అన్న ఫిర్యాదు కన్నా ఈ మూడు వివరాలతో సమస్య త్వరగా దొరుకుతుంది.